రసీదు వెనక లెక్క

"ఏడు శాతం సార్, మంచి రేటు" అంటూ బ్యాంకులో ఎఫ్‌డీ రెన్యువల్ రసీదు చేతిలో పెట్టారు. బయటికొచ్చి దాని వెనకే లెక్క వేశాను.

లక్షకు ఏడాది వడ్డీ 7,000. నాది 30 శాతం స్లాబు, సెస్సుతో పన్ను 2,184. చేతికొచ్చేది 1,04,816. ధరలు 5 శాతం పెరిగితే, ఇవాళ లక్షకొచ్చే సరుకులకే అప్పుడు 1,05,000 కావాలి. మనసు చివుక్కుమంది.

ఆర్‌బీఐ ఫ్లోటింగ్ బాండు 8.05 శాతమిచ్చినా, అదే పన్ను పోగా ధరలను దాటి మిగిలేది 538. పైగా డబ్బు ఏడేళ్లు కదలదు.

ఈక్విటీ ఫండుకు అమ్మేదాకా పన్ను లేదు. ఏడాది దాటాక అమ్మితే, ఆ సంవత్సరం 1.25 లక్షలు దాటిన లాభం మీదే 12.5 శాతం. కానీ మార్కెట్ పడితే అసలుకే గండి.

అమ్మ ఆపరేషన్ డబ్బు ఎఫ్‌డీలోనే ఉంచాను. పాప కాలేజీకి ఇంకా పదేళ్లుంది, ఆ డబ్బు ఫండులోకి మారుస్తున్నాను.