అక్టోబరు 1న ఏమవుతుంది?

ఈరోజంతా ఒక్క ఉత్తరంతోనే గడిచిపోయింది. జులై 1న మా దగ్గర చేరబోయే అమ్మాయికి ప్రొబేషన్, సెలవులు, నోటీసు గురించి రాసివ్వాలి. పొద్దున కూర్చున్నప్పుడు గంట పని అనుకున్నాను. పాత ఫైల్లో ఉన్న ఆఫర్ లెటర్ తీసి పేరు, తేదీ మార్చి పంపేద్దామనే ఉద్దేశం. మొదటి పేరా చదవగానే చెయ్యి ఆగిపోయింది.

"ప్రొబేషన్ కాలము సంతృప్తికరముగా ముగిసిన పిమ్మట యాజమాన్య విచక్షణ మేరకు ఉద్యోగము స్థిరపరచబడును."

మూడేళ్ల కిందట మా దగ్గర చేరిన ఒక కుర్రాడికి ఇచ్చిన ఉత్తరంలోనూ ఇదే వాక్యం ఉంది. అతనికి మూడు నెలల ప్రొబేషన్. ఆ మూడు నెలలూ అయిపోయాయి. పని ఒత్తిడిలో పడి నేను ఏ కాగితమూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. అయిదో నెలలో వేరే ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. ప్రొబేషన్‌లో నోటీసు 7 రోజులు, పర్మనెంట్ అయ్యాక 30 రోజులు అని ఉత్తరంలో ఉంది. కన్‌ఫర్మేషన్ లెటర్ రాలేదు కాబట్టి ఇంకా ప్రొబేషనే, 7 రోజులు చాలన్నాడు అతను. మూడు నెలలు దాటాయి కాబట్టి 30 రోజులు ఉండాలన్నాను నేను. ఆ వాక్యాన్ని ఎవరు చదివినా తమవైపే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏడో రోజున అతను వెళ్లిపోయాడు. నేను కోపంతో చివరి జీతం రెండు వారాలు ఆపాను. అది తప్పు. అతను పనిచేసిన రోజుల డబ్బు అది, నోటీసు తగాదాకీ దానికీ ముడిపెట్టకూడదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకే ఈసారి ఆ వాక్యం కొట్టేసి మొత్తం కొత్తగా రాశాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే ఎలా ఉంటుందో అలా.

"మీ ప్రొబేషన్ జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు. ఆలోపు నేను రాతపూర్వకంగా ఏమీ చెప్పకపోతే, అక్టోబరు 1 నుంచి మీరు పర్మనెంట్. దానికి వేరే కాగితం అక్కర్లేదు. పొడిగించాల్సి వస్తే ఒక్కసారే, మూడు నెలలకు మించకుండా పొడిగిస్తాను. ఆ సంగతి, దానికి కారణం సెప్టెంబరు 30 లోపే మీ చేతికి రాసిస్తాను."

నేను మరిచిపోతే ఆ నష్టం నాదే కావాలి, ఆమెది కాకూడదు. ఈ రెండు మాటలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది. పొడిగింపు కారణం ఆఖరి వారంలో ఆమెకు కొత్తగా తెలియడం కూడా న్యాయం కాదు. అందుకని జులై 31న, ఆగస్టు 31న ఒక్కో అరగంట కూర్చుని మాట్లాడుకుంటామని, ఏం బాగుందో ఏం బాగోలేదో ఆరోజే చెబుతానని కలిపాను. రెండు తేదీలూ నా ఫోన్లో పెట్టుకున్నాను.

తర్వాత నోటీసు. ఇక్కడ ఇంతకుముందు నాకు తట్టని చిక్కు ఒకటి దొరికింది. సెప్టెంబరు 28న ఆమె రాజీనామా ఇచ్చిందనుకుందాం. ఆరోజుకి ఇంకా ప్రొబేషనే. కానీ 7 రోజులు పూర్తయ్యేలోపు అక్టోబరు 1 దాటిపోతుంది. మరి ఏడా, ముప్పయ్యా? నోటీసు ఇచ్చిన రోజున ఏ నియమం ఉందో అదే చివరిదాకా వర్తిస్తుందని తేల్చి రాశాను. లెక్క మర్నాటి నుంచి, ఆదివారాలు కూడా కలిపి. అంటే 29 ఒకటో రోజు, అక్టోబరు 5 ఏడో రోజు, అదే చివరి రోజు. అదే అక్టోబరు 10న ఇస్తే 30 రోజులు, నవంబరు 9 చివరి రోజు. ఈ రెండు ఉదాహరణలూ తేదీలతో సహా ఉత్తరంలోనే పెట్టాను. "30 రోజులు" అని ఊరికే రాస్తే ఒకరు పనిదినాలు అనుకుంటారు, ఇంకొకరు క్యాలెండర్ రోజులు అనుకుంటారు.

నేను ఆమెను వద్దనుకున్నా ఇవే రోజులు. ముందే పంపేయాలనుకుంటే మిగిలిన రోజుల జీతం ఇచ్చి పంపాలి. ఆమె ముందే వెళ్లాలనుకుంటే నాతో మాట్లాడి తేదీ కుదుర్చుకోవాలి.

సెలవుల దగ్గర లెక్క తేలికే కానీ ఒక్క చోట జాగ్రత్తపడాల్సి వచ్చింది. ఏడాదికి 18, అంటే పనిచేసిన ప్రతి నెలకు ఒకటిన్నర జమ అవుతుంది. ప్రొబేషన్‌లో కూడా జమ అవుతుంది, వాడుకోవచ్చు కూడా. మూడు నెలలపాటు సెలవే లేదంటే, జ్వరం వచ్చినా మనిషి పనిలోకి వచ్చి కూర్చుంటుంది. ఆగస్టు మధ్యలో రెండు రోజులు కావాలంటే అప్పటికి ఆమె ఖాతాలో ఉండేది ఒకటిన్నరే. మిగతా అర రోజు ముందుగా ఇచ్చినట్టు రాసుకుంటాం, ఆగస్టు నెలాఖరున సర్దుకుంటుంది. సెప్టెంబరు ఆఖరికి జమ నాలుగున్నర, వాడినవి రెండు, మిగిలేవి రెండున్నర.

మానేసే రోజున మిగిలిన సెలవులకు డబ్బిస్తాను. ఒక రోజు జీతం ఎంతన్నది ముందే చెప్పకపోతే మళ్లీ గొడవే. నెల జీతాన్ని ఆ నెలలోని మొత్తం రోజులతో భాగించడం ఒక పద్ధతి, పనిదినాలతో మాత్రమే భాగించడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో రోజు జీతం ఎక్కువ వస్తుంది. నేను పనిదినాల పద్ధతే పెట్టాను, ఎందుకంటే సెలవంటే ఒక పనిదినానికి బదులే కదా. ముందుగా వాడేసుకున్న సెలవేదైనా ఉంటే దాన్నీ ఇదే లెక్కన సరిచూస్తామని రాశాను.

మధ్యాహ్నం మా లాయరుకు చూపించాను. ఆయన ఒక్క వాక్యం కలపమన్నారు: "ఇందులో రాసినదానికన్నా చట్టం మీకు ఎక్కువ ఇస్తే, చట్టం ఇచ్చినదే చెల్లుతుంది." నోటీసయినా సెలవులయినా చట్టం పెట్టిన కనీసం కంటే తక్కువకు ఇద్దరూ సంతకం పెట్టినా అది నిలవదట.

సాయంత్రం నాలుగింటికి పంపాను. ఇంకా చేరలేదు కదా, అడగడానికి మొహమాటపడుతుందేమో అనుకున్నాను. ఆరింటికి ఫోన్ చేసింది.

"సార్, అంతా అర్థమైంది. ఒక్కటి అడగొచ్చా? నోటీసులో ఉండగా ఒంట్లో బాగోకపోతే ఆ రోజులు మళ్లీ పనిచేయాలా?"

నా ఉత్తరంలో దానికి జవాబు లేదు. కాసేపు ఆలోచించి, జబ్బు చేసి తీసుకున్న సెలవుకు చివరి తేదీ జరగదని, సొంత పనులకు సెలవు కావాలంటే మాత్రం నోటీసులో ఉండగా నన్ను అడిగి తీసుకోవాలని చెప్పాను.

"అది కూడా అందులో రాస్తారా సార్?" అంది.

రాశాను. రెండో పేజీలో నోటీసు పేరా కింద పెట్టి, పైన తేదీ పక్కన "సవరించినది" అని చేర్చి, ఏడింటికి మళ్లీ పంపాను. సంతకం చేసిన రెండు కాపీల్లో ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది.