మూత తీయకుండా ఉడుకు కనిపెట్టడం: చికెన్ దమ్ బిర్యానీతో నా అనుభవం

కనుమకి విజయనగరంలో మా ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చేసిన బిర్యానీ ఇది. ఎముకతో ఉన్న బ్రాయిలర్ చికెన్ 1 కిలో, పాత బాస్మతి 750 గ్రాములు. పచ్చి చికెన్ అడుగున, సగం పైగా ఉడికిన అన్నం పైన. ఈ పద్ధతిలో కష్టమంతా ఒక్కచోటే ఉంది. మూత బిగించాక మాంసమూ అన్నమూ ఒకేసారి ఉడకాలి, మధ్యలో తీసి చూడకూడదు.

చికెన్‌లో 250 గ్రాముల గట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, కారం, మసాలా, నిమ్మరసం, వేయించిన ఉల్లిపాయలు, అవి వేగిన నూనె కలిపి 3 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాను. పెరుగు పలచగా ఉంటే అడుగున నీరు నిలిచిపోతుంది, అందుకే గుడ్డలో వడకట్టాను. తొడ ముక్కలకి ఎముక దాకా గాట్లు పెట్టడం మానకండి, ఆలస్యంగా ఉడికేవి అవే. పొయ్యి ఎక్కించే అరగంట ముందు గిన్నె బయట పెట్టాను. ఫ్రిజ్‌లోంచి నేరుగా ఎక్కిస్తే ముక్క వేడెక్కేలోపే పై అన్నం మెత్తబడిపోతుంది.

బియ్యం అరగంట నానాక, సముద్రపు నీళ్లంత ఉప్పగా ఉన్న ఎసరు తెర్లుతుండగా వేశాను. 5 నిమిషాలకి ఒక మెతుకు వేళ్ల మధ్య నొక్కితే మూడు ముక్కలుగా విరిగింది, మధ్యలో తెల్లటి పలుకు ఉంది. అప్పుడు సగం అన్నం చిల్లుల గరిటెతో తీసి చికెన్ మీద పరిచాను. కింది నుంచి వచ్చే చికెన్ నీరు ఈ పొరకి సరిపోతుంది. మిగతాది ఇంకో నిమిషంన్నర ఉడకనిచ్చి పైన వేశాను, దాన్ని పూర్తిగా వార్చలేదు. పై పొరకి అందేది ఆవిరి ఒక్కటే, కాబట్టి దానికి కాస్త తడీ కావాలి, కాస్త ముందే ఉడికీ ఉండాలి. రెండు పొరలూ ఒకేలా ఉడికించడం వల్లే కింద ముద్ద, పైన పలుకు వస్తాయి. పైన కొత్తిమీర, పుదీనా, నెయ్యి, వేయించిన పలాస జీడిపప్పు చల్లాను. గిన్నె ముప్పావు వంతుకి మించి నిండకూడదు, ఆవిరి తిరగడానికి చోటు ఉండాలి.

గోధుమపిండి గట్టిగా కలిపి, బొటనవేలంత లావు తాడులా చేసి గిన్నె అంచు చుట్టూ అంటించాను. పిండి జారుగా ఉంటే వేడికి కిందికి జారిపోతుంది. మూత ఒత్తి, పైన పొత్రం బరువు పెట్టాను. పిండి బీటలిస్తే అక్కడ తడి పిండి మెత్తితే చాలు.

ఇక మంట. మొదట పెద్ద మంట మీద ఉంచాను. సుమారు 10 నిమిషాలకి పిండి సందులోంచి ఒకచోట సన్నగా ఆవిరి తన్నింది, తడి వేలు మూతకి తగిలిస్తే చుయ్యిమంది. లెక్క మొదలయ్యేది అక్కడినుంచే, పొయ్యి వెలిగించిన దగ్గరనుంచి కాదు. చికెన్ చల్లగా ఉన్నా, గిన్నె మందంగా ఉన్నా ఈ తొలి ఘట్టం పొడుగవుతుంది. గడియారాన్ని మాత్రమే నమ్మినవాళ్లకి పచ్చి ముక్క తగిలేది అందుకే. ఆవిరి రాగానే గిన్నె కింద ఇనుప పెనం పెట్టి, మంట బాగా తగ్గించి 25 నిమిషాలు ఉంచాను.

ఈ 25 నిమిషాలూ చెవికే పని. మొదట అడుగున గుడగుడమని నీరు ఉడికే చప్పుడు ఉంటుంది. చివరికొచ్చేసరికి అది తగ్గి, నూనెలో వేగుతున్నట్టు సన్నగా చిటపటలు మొదలవుతాయి. అంటే చికెన్ నీరు ఇంకింది. గుడగుడ తగ్గకపోతే ఇంకో 5 నిమిషాలు ఉంచాలి. చిటపటలు పెద్దవై మాడు వాసన తగిలితే అప్పటికే ఆలస్యం, వెంటనే దింపి గిన్నె అడుగుని తడిగుడ్డ మీద పెట్టాలి. నాకు చిటపట సన్నగానే వచ్చింది. మంట ఆపి, 15 నిమిషాలు మూత కదపకుండా వదిలేశాను. ఆ వేడికే పై మెతుకులోని మిగిలిన పలుకు కరుగుతుంది.

పిండి ఒకపక్క మాత్రమే కోసి మూత ఎత్తాను. అట్లకాడని గిన్నె గోడ వెంట అడుగుదాకా దింపి, ఒక తొడ ముక్క పైకి తీశాను. చీలిస్తే కారిన రసం తేటగా ఉంది, మాంసం ఎముకని వదిలింది. లేత బ్రాయిలర్ ఎముక దగ్గర కొంచెం ఎర్రగా ఉండొచ్చు. ఆ రంగు ఒక్కదాన్ని చూసి పచ్చి అనుకోకూడదు, రసమూ మాంసపు పీచూ చూడాలి. వంట థర్మామీటర్ ఉంటే ముక్క మందంలో, ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. మెతుకు నొక్కితే మధ్యలో తెల్ల చుక్క కనబడలేదు.

ముక్క పచ్చిగా ఉంటే పైన పావు గ్లాసు వేడి పాలు చల్లి, మళ్లీ పిండి బిగించి పెనం మీద 10 నిమిషాలు పెట్టండి. అన్నం కాస్త మెత్తబడినా సరే, పచ్చి చికెన్ మాత్రం వడ్డించవద్దు. ముక్క ఉడికి అన్నం పలుకుగా ఉంటే అంచుల వెంట కాసిన్ని వేడినీళ్లు చల్లి, సన్నమంట మీద 5 నిమిషాలు చాలు. వడ్డించేటప్పుడు మాత్రం కలపకుండా, ఒక పక్కనుంచి నిలువుగా అడుగుదాకా తీయాలి.