హోల్టర్ రిపోర్టులో 42, 46, 171: నా అనుభవం

ఇంట్లో బీపీ మిషన్ పల్స్ 42 అని చూపించడంతో మొదలైంది ఇదంతా. నాకు కొన్నేళ్లుగా బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాను, రాత్రి భోజనమయ్యాక అప్పుడప్పుడు చూసుకోవడం అలవాటు. ఆ రోజు బీపీ బాగానే ఉంది. కింద పల్స్ గడిలో మాత్రం 42. కాసేపాగి చూస్తే 78. మళ్లీ చూస్తే 44. మా బావమరిది "బ్యాటరీలు మార్చి చూడు బావా" అన్నాడు. మార్చినా అదే వరస. దానికి తోడు పడుకోగానే ఎడమవైపు గుండె ఒకసారి ఆగి, ధన్ మని కొట్టినట్టు అనిపించేది.

ఒంగోలులో గుండె డాక్టరు గారు ఈసీజీ తీయించారు. శుభ్రంగా ఉంది. ఉండదా మరి, ఈసీజీ పట్టేది పది సెకన్లే. ఆ పది సెకన్లలో గుండె బుద్ధిగా ఉంటే కాగితం కూడా బుద్ధిగానే ఉంటుంది. అందుకని రోజంతా గుండె గీతల్ని రికార్డు చేసే పెట్టె, 24 గంటల హోల్టర్ పెట్టించుకోమన్నారు.

పెట్టడం పెద్ద పని కాదు. ఛాతీ మీద వెంట్రుకలు గీసి, స్పిరిట్‌తో తుడిచి, బిళ్లలు అంటించి, వాటికి వైర్లు తగిలించి, చిన్న పెట్టెను మెడలో వేలాడదీశారు. స్నానం చేయకూడదు. మిగతా పనులన్నీ మామూలుగానే చేసుకోవాలి. "రోజంతా మంచం మీద పడుకుంటే లాభం లేదు సార్, మీరు రోజూ చేసేవన్నీ చేయండి, టైముతో సహా ఈ కాగితంలో రాయండి. గుండె దడ అనిపిస్తే ఈ బటన్ నొక్కండి" అని చెప్పింది టెక్నీషియన్ అమ్మాయి. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో పనిచేస్తాను. బస్సెక్కడం, యార్డులో తిరగడం, భోజనం, నిద్ర అన్నీ రాశాను. తర్వాత రిపోర్టు అర్థం కావడానికి ఆ కాగితమే ఎక్కువ పనికొచ్చింది.

రిపోర్టు డాక్టరు గారి దగ్గరికంటే ముందు నా వాట్సాప్‌కి వచ్చింది. మొదటి పేజీలో అంకెలు ఇలా ఉన్నాయి. రికార్డయింది 23 గంటల 40 నిమిషాలు. మొత్తం బీట్లు 1,07,920. పల్స్ కనిష్ఠం 46, సగటు 76, గరిష్ఠం 171. VE అన్నచోట 3,247. దాని కిందే VE run ఒకటి, తొమ్మిది బీట్లు. గుండె కింది గదుల్లో, అంటే వెంట్రికల్స్‌లో, వేళ కాకముందే పుట్టే అదనపు బీట్‌ను VE అంటారు. అలాంటివి వరసగా మూడు, అంతకుమించి వస్తే అది run. నెట్‌లో run అని వెతికితే ఏమేం వస్తాయో చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు డాక్టరు గారు మొదటి పేజీని ఒక్క చూపు చూసి తిప్పేశారు. "ఇది లెక్క. అసలు సరుకు వెనక పేజీల్లో ఉంటుంది" అని గీతలున్న పేజీలు తీశారు. రిపోర్టు ముందు ఏ అంకె చెప్పినా, దాన్ని ఏ గీత చూసి చెప్పిందో ఆ ముక్క వెనక అచ్చు వేస్తుంది. దాన్ని స్ట్రిప్ అంటారు. పక్కన టైము ఉంటుంది. అంకె, టైము, స్ట్రిప్, మన డైరీ నాలుగూ కలిపి చూడాలి.

ముందు 171 తీశారు. టైము రాత్రి 9:14. డైరీలో ఆ వేళకు నేను రాసింది: "పడుకున్నాను, చెమటకు బిళ్లల దగ్గర దురద, గీరుకున్నాను." స్ట్రిప్‌లో మూడు వరసల గీతలున్నాయి. పై రెండింటిలో పిచ్చి గీతలు, ఎత్తూ పల్లాలు; చూస్తే భయం వేసేలా ఉన్నాయి. మూడో వరసలో మాత్రం చిన్న వణుకుంది, అంతే. డాక్టరు గారు పెన్ను మొనతో మూడో వరసలో ఒక్కో శిఖరాన్నీ తాకుతూ వెళ్లారు. పిచ్చి గీతలకు ముందు ఎంత ఎడంలో ఉన్నాయో, వాటి మధ్యలోనూ అంతే, తర్వాతా అంతే. లెక్క కడితే నిమిషానికి 80. అంటే గుండె తన దారిన తాను 80 కొట్టుకుంటోంది. బిళ్ల కదిలి పుట్టిన గీతల్ని కంప్యూటర్ తొమ్మిది బీట్లుగా లెక్కేసి, దానికి run అని పేరు పెట్టి, వేగం 171 అని రాసింది. నిజం run అయితే మూడు వరసల్లోనూ ఒకేసారి రూపం మారుతుంది, మధ్యలో మామూలు శిఖరాలు అదే ఎడంలో నడుచుకుంటూ పోవు.

ఇలాంటివి రిపోర్టు ఇచ్చేముందు టెక్నీషియన్ చూసి కొట్టేయాలి. ఎక్కడ రద్దీ ఎక్కువో అక్కడ అది జరగదు. డాక్టరు గారు ఫోన్ చేసి సరిచేయించారు. కొత్త రిపోర్టులో run సున్నా, VE 3,238, గరిష్ఠం 132. ఆ 132 వచ్చిన టైము ఉదయం 6:20. డైరీ చూస్తే ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను భుజాన వేసుకుని రెండో అంతస్తు ఎక్కాను. ఆ పనికి 132 రాకపోతేనే ఆలోచించాలి.

కనిష్ఠం 46 తెల్లవారుజాము 3:52కి. గాఢ నిద్ర. స్ట్రిప్‌లో ప్రతి పెద్ద శిఖరానికి ముందు చిన్న గుట్ట వరస తప్పకుండా ఉంది. ఆ గుట్ట పై గదులు పనిచేసిన గుర్తు. పైనుంచి కిందికి కరెంటు సక్రమంగానే వెళ్తోంది, గుండె మాత్రం నెమ్మదిగా నడుస్తోంది, అంతే. నిద్రలో నలభైల్లోకి దిగడం చాలామందికి మామూలేనట. అదే 46 పట్టపగలు మెలకువలో, కళ్లు తిరుగుతుండగా వచ్చినా, ఒక గుట్ట వెనక శిఖరం రాకుండా పోతున్నా కథ వేరే. దీని పక్కనే pauses అన్న వరస కూడా చూశారు. రెండున్నర సెకన్లు దాటిన విరామం ఒక్కటీ లేదు.

మరి నా బీపీ మిషన్ చూపించిన 42? హోల్టర్ ప్రకారం రోజు మొత్తంలో పల్స్ 46 కంటే దిగలేదు, అదీ నిద్రలో. నేనేమో మెలకువగా కూర్చుని 42 చూశాను. ఈ ముడి విప్పింది గంటల పట్టిక. ప్రతి గంటకూ ఎన్ని బీట్లు, అందులో ఎన్ని VE అని ఒక పేజీ ఉంటుంది. ఆఫీసులో ఉన్న గంటల్లో VE యాభై, అరవై. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా ఒక్క గంటలో 702! నేను 9:48కి బటన్ నొక్కాను. ఆ టైము స్ట్రిప్‌లో ఒకటి మామూలు బీట్, ఒకటి VE, మళ్లీ మామూలు, మళ్లీ VE. దీన్ని బైజెమినీ అంటారు. అన్నీ కలిపి నిమిషానికి 84.

ముందుగా వచ్చిన బీట్‌కు గుండె నిండే వ్యవధి ఉండదు. బోరింగు హ్యాండిల్‌ని పూర్తిగా ఎత్తకుండానే కిందికి నొక్కితే నీళ్లు చిట్టెడే వచ్చినట్టు, ఆ బీట్‌కు రక్తం కొంచెమే బయటికి వస్తుంది. చేతిదాకా వచ్చేసరికి నాడి తగలదు. బీపీ మిషన్ గుండె కరెంటును చూడదు, పట్టీ కింద రక్తం తన్నిన తన్నులను లెక్కపెడుతుంది. 84లో సగం తన్నులు దానికి అందలేదు. 42 అని చూపించింది. మిషన్‌లో లోపమేమీ లేదు, బ్యాటరీలు అనవసరంగా మార్చాం. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్, చేతి వాచీ కూడా ఇలాంటప్పుడు తక్కువే చూపిస్తాయట. ఆ ధన్ మనే దెబ్బ కూడా దీన్నుంచే. అదనపు బీట్ తర్వాత కాస్త విరామం వస్తుంది, ఆ విరామంలో గుండె మామూలు కంటే ఎక్కువ నిండుతుంది, తర్వాతి బీట్ గట్టిగా తగులుతుంది. నేను ఇన్నాళ్లూ చెడ్డ బీట్ అనుకున్నది నిజానికి దాని వెనక వచ్చే మంచి బీట్.

ఇక 3,238. నాకు నిద్ర పట్టనివ్వని అంకె. డాక్టరు గారు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి దాన్ని 1,07,920తో భాగించారు. మూడు శాతం. "నూటికి మూడు. వేలల్లో చూస్తే భయమే, మొత్తం ఎన్నో మర్చిపోతాం కాబట్టి" అన్నారు. పది శాతం దాటి, అలాగే నెలల తరబడి ఉంటే కొందరిలో గుండె కండరం బలహీనపడే అవకాశం ఉందట. అందుకే శాతంతో పాటు ఎకో కూడా చూస్తారు. నా ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, గోడలు, కవాటాలు బాగున్నాయి. 3,238లో 3,196 ఒంటరి బీట్లు, మిగతావి జంటలు, 21 జంటలు. అన్నీ ఒకే రూపంలో ఉన్నాయి, అంటే ఒకేచోట పుడుతున్నాయి. పై గదుల్లో పుట్టే SVE 64. వాటి గురించి ఆయన మాట్లాడనే లేదు.

మందు వేసుకోవాలా అని అడిగాను. దడ భరించలేకపోతే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర ఇస్తానన్నారు, బీట్లు ఉన్నాయని మాత్రమే అయితే అక్కర్లేదన్నారు. రక్తంలో పొటాషియం, థైరాయిడ్ చూపించారు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. స్పృహ తప్పినా, నడుస్తున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో దడతో పాటు కళ్లు చీకట్లు కమ్మినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వచ్చేయమన్నారు. మా నాన్న వైపు ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని రెండుసార్లు అడిగారు. లేరు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ హోల్టర్ పెట్టారు. ఈసారి 4.6 శాతం. పెరిగిందని నాకు మళ్లీ టెన్షన్. ఆయన పాత, కొత్త గంటల పట్టికలు పక్కపక్కన పెట్టారు. పగలు తక్కువ, రాత్రి భోజనం తర్వాత గుంపుగా, అదే వరస. run లేదు, ఎకో మారలేదు. ఈ బీట్లు ఒకే మనిషిలో రోజుకోలా ఉంటాయట. ఒక రోజు మూడు, ఇంకో రోజు ఐదు వచ్చినంత మాత్రాన జబ్బు ముదిరినట్టు కాదు, మందు వాడుతూ ఐదు మూడైతే అది మందు గొప్పతనమనీ చెప్పలేం. ఏడాదికోసారి ఎకో తీయిద్దాం అని రాసిచ్చారు. బీపీ మిషన్ 42 చూపించినప్పుడు మా ఆవిడ స్టెతస్కోప్ నా ఛాతీ మీద పెట్టి నిమిషం లెక్కపెడుతుంది. నిన్న రాత్రి మిషన్ 45 అంది, ఆమె లెక్కకు 88 వచ్చింది.