పాత సంచికల తెలుగును కొత్త వెబ్‌సైట్‌కు చేర్చిన మిత్రులకు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. చెన్నైలోని మన కళాశాల తెలుగు సమితి వెబ్‌సైట్ ఈ ఉదయం కొత్త రూపంలో అందుబాటులోకి వచ్చింది. రంగులు, మెనూలు, ఫొటోల పేజీలు మీరే చూస్తారు కనుక డిజైన్ బృందానికి ఇక్కడే కృతజ్ఞతలు చెప్పి, పైకి కనిపించని ఒక పని గురించి సమన్వయకర్తగా కొంచెం వివరంగా మాట్లాడతాను.

మన పాత వార్షిక సంచికలు యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసినవి. ఆ ఫైళ్లలో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు చెందిన సంకేతాలే. వాటికి ఫాంట్ తెలుగు ఆకారాలు తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి, తెలుగులో వెతికితే ఏమీ దొరకదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి చూస్తే ‘పుస్తకం’ సరిగ్గానే వచ్చింది గానీ ‘వస్తున్నాను’ మాత్రం ‘వసు్తనా్నను’గా మారింది. కొన్ని మాటలు బాగానే ఉండటం వల్లనే కారణం వెంటనే అంతుపట్టలేదు.

దాన్ని పట్టుకున్నది తెలుగు చదవడం రాని మన తమిళ మిత్రుడు. తమిళంలో ఎకారపు గుర్తు అక్షరానికి ముందు కనిపించినా, యూనికోడ్‌లో అక్షరం తరువాతే నిల్వ ఉంటుంది. మీకూ ఇలాంటి చిక్కే వచ్చి ఉంటుందని అతను అన్నాడు. నిజమే. డీటీపీలో కంటికి కనిపించే వరుసలో ముందు ‘సు’, తరువాత త వత్తు ఉంటాయి. యూనికోడ్‌లో స, పొల్లు, త, చివరకు కొమ్ము రావాలి. తలకట్టున్న ‘పుస్తకం’లో వత్తుకు ముందు అడ్డుపడే గుణింతపు గుర్తు లేదు కనుక అది తప్పించుకుంది. అతను రాసిన సవరణ ఒక్క వరుసే:

```
text.replace(/([\u0C3E-\u0C4C])((?:\u0C4D[\u0C15-\u0C39])+)/g, "$2$1")
```

గుణింతపు గుర్తు వెనుక వత్తులు ఎన్ని ఉన్నా, ఇది వాటిని దాని ముందుకు జరుపుతుంది. ‘స్త్రీ’లోని రెండు వత్తులూ ఒకేసారి కుదురుకున్నది అందుకే.

అయితే కన్వర్టర్ వత్తునే రాల్చేసి ‘అమ్మ’ను ‘అమ’గా మిగిల్చిన చోట ఏ సూత్రమూ పనికిరాదు. అక్కడ మొదటి సంవత్సరం చెల్లెళ్లిద్దరు, ఒకరు అచ్చు ప్రతిని పైకి చదువుతుంటే మరొకరు తెరపై వేలు పెట్టి సరిచూస్తూ, కవితల పేజీలు మినహా సంచికలన్నీ దిద్దారు. నా దృష్టిలో ఈ వెబ్‌సైట్‌లో అత్యంత కష్టమైన పని వారిదే. ‘రాష్ట్రం’లోని కింది వత్తు తరువాతి పంక్తికి తగులుతోందని గమనించి, line-height విలువను 1.2 నుంచి 1.8కి పెంచమని పట్టుబట్టినదీ వారే.

కవితల పేజీలను మాత్రం ఇంకా పూర్తిగా సరిచూడలేదు. వాటిలో తప్పు కనిపిస్తే సంచిక పేరు, పేజీ సంఖ్య, పంక్తి రాసి పంపండి. అచ్చు ప్రతి మా గదిలోనే ఉంది కనుక వెంటనే పోల్చి దిద్దుతాం.