నెలనెలా పోయిన 299 రూపాయలు

ప్రతి నెలా 19న నా ఖాతాలోంచి 299 రూపాయలు పోతున్నాయి. ఎంట్రీలో ఉన్న కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. మా రూమ్మేట్ అయితే "ఎవరో హ్యాక్ చేశారే, ముందు కార్డు బ్లాక్ చేయించు" అని ఒకటే టెన్షన్ పెట్టింది.

అమీర్‌పేటలో మా బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన స్టేట్‌మెంటు మీద వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ UPI అనీ, MANDATE అనీ ఉంది చూడమ్మా. ఇది ఆటోపే. కార్డు బ్లాక్ చేసినా ఆగదు."

"నేనేం పెట్టుకోలేదు సార్."

"పిన్ కొట్టందే మొదలవదమ్మా. ఆ పేరు మధ్యలో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ కంపెనీది అయ్యుంటుంది. అసలు ఎవరికి పోతోందో తెలియాలంటే మొదటి ఎంట్రీ ఎక్కడుందో చూడు."

మెట్రోలో మియాపూర్ చేరేలోపు ఫోన్లో పాత స్టేట్‌మెంట్లన్నీ తిరగేశాను. మొదటి 299 మార్చి 19న పడింది. దానికి సరిగ్గా వారం ముందు, 12న, అదే పేరుతో 2 రూపాయలు. ఇంత చిన్న మొత్తాన్ని ఎవరు పట్టించుకుంటారు? ట్రయల్ మొదలయ్యేటప్పుడు ఆటోపే పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఇలా ఒకటో రెండో రూపాయలు లాగుతారట.

మార్చి 12 అంటే అక్క సీమంతానికి రెండు రోజుల ముందు. ఆ రాత్రి ఆహ్వానం వీడియో చేయడానికి ఒక యాప్ వేసుకున్నాను. వీడియో మీద వాళ్ల ముద్ర పోవాలంటే 'ఏడు రోజులు ఉచితం' నొక్కాల్సి వచ్చింది. ఫంక్షన్ అయిపోగానే యాప్ తీసేశాను. యాప్ పోతే ఆటోపే కూడా పోతుందని ఎవరైనా అనుకుంటారు. అది బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది.

నేను రోజూ వాడే UPI యాప్‌లో చూస్తే ఆటోపే కింద ఏమీ లేదు. అప్పట్లో క్యాష్‌బ్యాక్ కోసం వేసుకున్న ఇంకో UPI యాప్ తెరిస్తే దొరికింది. 'Active' అని పచ్చగా ఉంది, గడువు 2054 దాకా! డబ్బు తీసుకునే ముందు రోజు చెప్పాలన్న రూల్ ప్రకారం వాళ్లు మెసేజ్‌లు పంపుతూనే ఉన్నారు. ఆ యాప్ నోటిఫికేషన్లు నేను ఆపేసి పెట్టుకున్నాను, అంతే. 'Revoke' నొక్కి పిన్ కొడితే నిమిషంలో రద్దయింది.

పోయిన డబ్బు సంగతి వేరు. మన పిన్‌తో ఒప్పుకున్నది కాబట్టి మోసం కింద ఫిర్యాదు తీసుకోలేమని బ్యాంకు చెప్పింది. వీడియో కంపెనీకే మెయిల్ పెట్టాను. మార్చి నుంచి యాప్ తెరవనే లేదని, వాళ్ల దగ్గరే ఆ లెక్క ఉంటుందని రాశాను. ఆఖరి నెల 299 వెనక్కి వేశారు. మిగతావి ఇవ్వలేమన్నారు.