డాలస్ సాయంత్రానికీ విజయవాడ ఉదయానికీ మధ్య రాసే నోట్

డాలస్‌లో మేమూ, గన్నవరం వైపు ఆఫీసులో విజయవాడ టీమూ కలిసి అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని చేస్తాం. రోగికి చేసిన వైద్యానికి డబ్బు చెల్లించమని ఆసుపత్రి తరఫున బీమా కంపెనీకి పంపే బిల్లునే క్లెయిమ్ అంటారు. క్లెయిమ్‌లు తయారు చేయడం, పంపడం, తిరిగి వచ్చినవాటిని సరిచేయడం రెండు ఊళ్లలోనూ జరుగుతుంది కాబట్టి, పని రోజుకు రెండుసార్లు చేతులు మారుతుంది. ఈ రెండు అప్పగింతలూ ఒకే తీరువని చాలామంది అనుకుంటారు. కావు. నేను గుంటూరు నుంచి రోజూ వచ్చిపోతూ కొంతకాలం విజయవాడ వైపు పనిచేసి, ఆ తర్వాత డాలస్‌కు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ తేడాను రెండు వైపుల నుంచీ చూశాను.

ముందు గడియారాలు చూద్దాం. చలికాలంలో డాలస్ కంటే మన దేశం పదకొండున్నర గంటలు ముందుంటుంది. విజయవాడ టీమ్ ఉదయం 11 గంటల నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. వారి రాత్రి 7 గంటలకు డాలస్‌లో ఉదయం 7:30 అవుతుంది. మేము ఆ వేళకు కూర్చుంటే ఒక గంట ఇద్దరం కలిసి ఉంటాం. విజయవాడ నుంచి డాలస్‌కు పని వచ్చేది ఆ గంటలోనే. ఏది అర్థం కాకపోయినా అడగడానికి మనిషి ఎదురుగా ఉంటాడు. తిరుగు అప్పగింత అలా కాదు. డాలస్‌లో సాయంత్రం 5 గంటలకు మేము పని ముగించి లేచేసరికి విజయవాడలో తెల్లవారుజాము 4:30. వాళ్లు వచ్చి కూర్చునేసరికి మాకు రాత్రి 11:30. ఈ రెంటి మధ్య ఆరున్నర గంటలు ఎవరూ ఉండరు. అక్కడ మాట లేదు, నోట్ ఒక్కటే ఉంది. అందుకే నోట్ మీద పెట్టే శ్రద్ధలో ఎక్కువ భాగం సాయంత్రం డాలస్‌లో రాసేదానికే దక్కాలని నా గట్టి అభిప్రాయం.

ఉదయం 11 గంటలకు విజయవాడలో ఒకరికి నోట్ చదవగానే సందేహం వచ్చిందనుకుందాం. జవాబు దొరికేది రాత్రి 7 గంటలకు, అంటే వారి పనిదినం దాదాపు పూర్తయ్యాక. అర్ధరాత్రికి దగ్గరపడిన వేళలో డాలస్‌లో ఉన్న పెద్దవారికి ఫోన్ చేయడానికి మన పిల్లలు జంకుతారు. చేయవచ్చని ఎవరూ చెప్పకపోతే అసలు చేయరు. అప్పుడు వారికి రెండే దారులు మిగులుతాయి: పని ఆపి కూర్చోవడం, లేదా ఊహించి ముందుకు వెళ్లడం. మొదటి దారిలో ఒక రోజు పోతుంది. రెండో దారిలో ఏం పోతుందో మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతుంది.

ఒక చలికాలపు బుధవారం నాడు 38 క్లెయిమ్‌లు రిజెక్ట్ అయి వచ్చాయి. అమెరికాలో ప్రతి డాక్టరుకూ, వైద్య సంస్థకూ ఎన్‌పీఐ అనే పది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒక ఆసుపత్రి తన క్లినిక్కులను వేరే గ్రూపు కిందికి మార్చడంతో, బిల్లు మీద పాత ఎన్‌పీఐ ఉన్నవన్నీ వెనక్కి వచ్చాయి. డాలస్‌లో ఒక సహోద్యోగి వాటిలో 21 క్లెయిమ్‌లకు కొత్త సంఖ్య వేసి సాయంత్రం పంపేశాడు. మిగతా 17 ఏ గ్రూపు కింద వెళ్లాలో ఆసుపత్రి చెప్పాల్సి ఉంది. ఒక్కో పని వివరాలు రెండు టీములూ చూసేలా నమోదు చేసే కంప్యూటర్ పేజీని టికెట్ అంటాం. అతను అందులో రాసిన నోట్ సారాంశం ఇది: "ఎన్‌పీఐ రిజెక్షన్లు చూశాను, చాలావరకు సరిచేశాను, మిగిలినవి చూడగలరు." ఇందులో అబద్ధమేమీ లేదు. మర్యాద కూడా ఉంది.

అయితే క్లెయిమ్ పంపగానే దాని స్థితి మారదు. క్లెయిమ్‌లను బీమా కంపెనీలకు చేరవేసే మధ్యవర్తి సంస్థ, అంటే క్లియరింగ్‌హౌస్ ద్వారా బీమా కంపెనీ నుంచి 277CA అనే అంగీకార నివేదిక రావాలి. అది కొన్ని గంటల్లో రావచ్చు, మరునాడూ రావచ్చు. అప్పటివరకు మా సాఫ్ట్‌వేర్‌లో ఆ 21 క్లెయిమ్‌లూ "రిజెక్ట్" అనే కనిపిస్తాయి. గురువారం ఉదయం విజయవాడలో స్క్రీన్ తెరిచిన అమ్మాయికి 38 కనిపించాయి. ఏవి అయ్యాయో నోట్‌లో లేదు. కారణం ఎన్‌పీఐ అని మాత్రం ఉంది. కొత్త సంఖ్య తెలిసిన 21 క్లెయిమ్‌లకు ఆమె కూడా ఆ సంఖ్యే వేసి శ్రద్ధగా పంపింది. ఆమె తెలివిగానే ఊహించింది. కానీ ఒకే క్లెయిమ్ రెండుసార్లు వెళ్లింది.

ఇక్కడ పని తెలిసినవారు గమనించాల్సిన తేడా ఒకటుంది. 277CA దశలో రిజెక్ట్ అయిన క్లెయిమ్ బీమా కంపెనీ పరిశీలనలోకి అసలు వెళ్లలేదు కాబట్టి దాన్ని కొత్త క్లెయిమ్‌గానే పంపాలి. అంగీకారం పొందినదాన్ని మళ్లీ కొత్తదిగా పంపితే మాత్రం కంపెనీ దాన్ని నకలుగా గుర్తించి, 18 అనే కారణ సంఖ్యతో చెల్లింపు నిరాకరిస్తుంది. ఆ నిరాకరణలు మరునాడు కనబడవు. రెండు మూడు వారాల తర్వాత చెల్లింపు వివరాలు వచ్చినప్పుడు బయటపడతాయి. అప్పటికి ఆ సాయంత్రం నోట్ ఎవరికీ గుర్తుండదు. మాకు ఎలా తెలిసిందంటే, 18 సంఖ్యతో వచ్చినవాటిని పంపిన తేదీ, వేళ ప్రకారం వరుసలో పెట్టి చూసినప్పుడు అన్నీ ఒకే ఉదయం విజయవాడ నుంచి వెళ్లాయనీ, వాటి తొలి ప్రతులు అంతకు ముందు సాయంత్రం డాలస్ నుంచి వెళ్లాయనీ తేలింది. నకలు నిరాకరణలు ఇలా ఒకే వేళ చుట్టూ గుంపుగా కనిపిస్తే, తప్పు బిల్లులో కంటే అప్పగింతలో వెతకడం మంచిది.

అదే బుధవారం నోట్ ఎలా ఉండవలసిందో తర్వాత రెండు టీములూ కలిసి రాసి చూసుకున్నాం. ఆఫీసులో ఇవి ఇంగ్లీషులోనే రాస్తాం. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"బుధవారం డాలస్ సాయంత్రం 4:50, విజయవాడలో గురువారం తెల్లవారుజాము 4:20. మొత్తం 38 రిజెక్షన్లు. వీటిలో 21కి కొత్త ఎన్‌పీఐ వేసి డాలస్ వేళ 4:10కి పంపాను. ఫైల్ అప్‌లోడ్ అయింది, 277CA ఇంకా రాలేదు. స్క్రీన్ మీద ఇంకా రిజెక్ట్ అనే కనిపిస్తాయి, మళ్లీ పంపవద్దు. క్లెయిమ్ నంబర్లు మొదటి షీట్‌లో ఉన్నాయి. మీ మధ్యాహ్నం 2 గంటలకు 277CA చూసి, అంగీకారం వచ్చినవాటిని మూసేయండి. మళ్లీ రిజెక్ట్ అయినవాటి కారణం టికెట్‌లో రాసి ఆపండి. మిగతా 17 రెండో షీట్‌లో ఉన్నాయి. ఏ గ్రూపు కింద పంపాలో ఆసుపత్రిని అడిగాను. జవాబు టికెట్‌లోకి వస్తే ఆ సంఖ్య వేసి పంపండి, రాకపోతే ముట్టుకోవద్దు, రాత్రి 7కి మాట్లాడదాం. పసుపు రంగు వేసిన మూడింటికి గడువు శుక్రవారంతో ముగుస్తుంది. వాటికోసం నాకు ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు."

ఈ నోట్ పొడవుగా ఉన్నందువల్ల మంచిది కాలేదు. పంపడం, అంగీకారం రావడం వేర్వేరు సంగతులని ఇది విడదీసి చెప్పింది. చదివేవారికి స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో, దాన్ని ఎందుకు నమ్మకూడదో రాసింది. చేయకూడని పనిని చేయాల్సిన పని కంటే ముందే పెట్టింది. జవాబు వస్తే ఏమిటి, రాకపోతే ఏమిటి అన్న రెండు దారులూ చూపించింది కాబట్టి మధ్యాహ్నం ఎవరూ ఊహించాల్సిన అవసరం లేదు. ఫోన్ చేయడానికి అనుమతి కూడా అందులోనే ఉంది. గడువు సంగతి చిన్నది కాదు: అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ అయితే వైద్యం జరిగిన రోజు నుంచి ఏడాది ఇస్తుంది గానీ, కొన్ని ప్రైవేటు కంపెనీలు 90 రోజులే ఇస్తాయి. అది దాటితే ఆ డబ్బు సాధారణంగా ఆసుపత్రికి రాదు. ఇంకొక్క మాట, నోట్‌లో క్లెయిమ్ నంబర్లే ఉండాలి, రోగుల పేర్లు ఉండకూడదు. అమెరికాలో 1996 నుంచి ఉన్న హిపా చట్టం రోగుల వివరాలను కాపాడాలని కోరుతుంది. పైగా నోట్ చాలామంది చూసే చోట ఉంటుంది.

నోట్ రాసేవారికి అది ఎప్పుడూ పూర్తిగానే అనిపిస్తుంది, ఎందుకంటే లోటును వారి జ్ఞాపకమే నింపుతుంది. విజయవాడ టీమ్ లీడ్ గారు ఒకసారి, "నోట్ అంతా అర్థమైందండీ, ఇందులో మేము చేయాల్సింది ఏదో మాత్రం కనబడలేదు" అన్నారు. అప్పటి నుంచి నోట్ ఎలా ఉందో తీర్పు చెప్పే హక్కు అందుకున్నవారిదే అని పెట్టుకున్నాం. ఉదయం చదివాక అడగాలనిపించిన ప్రతి ప్రశ్ననూ, జవాబు ఊహించగలిగినా సరే, వారు టికెట్ కింద రాస్తారు. రాత్రి 7 గంటలకు మేము మొదట చూసేది వాటినే.

ఆ కలిసే గంటను ఎలా వాడుకోవాలన్నది కూడా దీంతోనే ముడిపడి ఉంది. మునుపు ఆ గంటలో ఒక్కొక్కరూ తమ రోజంతా చెప్పుకొచ్చేవారు. వరుసలో చివరివారి సందేహం వచ్చేసరికి కింద క్యాబ్ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు రాతలో ఉన్నదాన్ని మళ్లీ చదవం. విజయవాడ వారి నోట్ 6:45కే టికెట్‌లో ఉంటుంది, మేము కూర్చోగానే చదువుకుంటాం. మాటల సమయమంతా నిర్ణయం కావాల్సినవాటికే ఇస్తాం. తేలిన నిర్ణయాన్ని అక్కడికక్కడే ఎవరో ఒకరు టికెట్‌లో రాస్తారు, లేకపోతే సాయంత్రం నోట్ రాసేవారికి అది అందదు.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుగుతాయి. మన గడియారం కదలదు. వేసవిలో తేడా పదిన్నర గంటలే. డాలస్‌లో ఉన్నవారు తమ క్యాలెండర్‌లో ఉదయం 7:30కి సమావేశం పెడితే, మార్చిలో అది విజయవాడ వారికి దానంతటదే సాయంత్రం 6కు జరిగిపోతుంది. సమావేశాన్ని విజయవాడ రాత్రి 7కే కట్టి ఉంచాలని నేను పట్టుబట్టాను. అక్కడి క్యాబ్ వేళలు, గుంటూరు వైపు వెళ్లేవారి రైళ్లు మన గడియారంతోనే నడుస్తాయి. మేము వేసవిలో 8:30కి కూర్చుంటే సరిపోతుంది. అందుకే నోట్‌లో "ఉదయం", "రేపు" అని ఊరికే రాయం. ఊరి పేరు, వారం, వేళ కలిపి రాస్తాం.

శుక్రవారం నోట్ లెక్క వేరు. డాలస్ శుక్రవారం సాయంత్రం విజయవాడలో శనివారం తెల్లవారుజాము. దాన్ని చదివేది సోమవారం ఉదయం 11 గంటలకు, మాకు అప్పుడు ఆదివారం రాత్రి. ఈలోగా 277CA నివేదికలు వచ్చి స్క్రీన్ స్థితులు మారిపోయి ఉంటాయి. కాబట్టి శుక్రవారం "ఇంకా రాలేదు" అని ముగించం. సోమవారానికి ఏది ఎలా మారి కనిపించవచ్చో, ఒక్కొక్క స్థితికి ఏం చేయాలో రాసి, సోమవారంలోగా గడువు ముగిసే క్లెయిమ్‌లు ఏమైనా ఉంటే వాటిని మాత్రం అప్పగించకుండా శుక్రవారమే డాలస్‌లో పంపేస్తాం. సంక్రాంతికి ముందు రోజు కూడా ఇదే పద్ధతి, కాకపోతే అప్పుడు విజయవాడ వారు మాకు రాస్తారు.