సోమవారం ఓపీ

ఒంటిగంటకి ముగియాల్సిన ఓపీ రెండున్నర దాటింది. హెర్నియాలు, కుట్లు విప్పించుకునేవాళ్ళు, షుగర్‌తో కాలికి పుండు పడ్డ ఒక పెద్దావిడ పోగా మిగిలిన లైను చాలావరకు మొలలదే. వీళ్ళని చీటీ చూడకుండానే గుర్తుపట్టొచ్చు. పక్కన నర్సు ఉన్నంతసేపూ ‘కొంచెం గ్యాస్ అండి’ అంటారు. ఆవిడ అలా బయటికి వెళ్ళగానే గొంతు తగ్గించి అసలు సంగతి మొదలుపెడతారు.

ఇవాళ వచ్చినవాళ్ళలో ఒకతని గురించి రాయాలనిపించింది. ముప్పై నాలుగేళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటినుంచే పని. భార్య వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు నెలలుగా విరేచనం తర్వాత కమోడ్‌లో ఎర్రటి రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోందట. నొప్పి లేదు. ముక్కినప్పుడు మెత్తగా ఏదో కిందికి జారి, లేచాక దానంతటదే లోపలికి పోతోందట.

‘‘లోపల ఎంతసేపు కూర్చుంటారు?’’ అని అడిగాను.

‘‘ఎంతండీ, పది నిమిషాలు.’’

‘‘పది నిమిషాలా!’’ అంది ఆ అమ్మాయి. ‘‘ముప్పావుగంట మేడం. పాప స్కూలు వ్యాను వచ్చి వెళ్ళిపోయినా ఈయన బయటికి రారు. ఫోన్ సౌండు మాత్రం వినిపిస్తూ ఉంటుంది.’’

‘‘మలబద్ధకం కదా మేడం, అందుకే అంతసేపు పడుతుంది,’’ అన్నాడతను.

మొలలున్న వాళ్ళలో చాలామంది చెప్పే మాటే ఇది. నేను దీన్ని అలా వదిలేయను. ఆ ముప్పావుగంటని విడగొట్టి అడుగుతాను. కూర్చున్నాక మొదట ఎప్పుడు వస్తుంది? రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుందట. గట్టిగా ఉంటుందా? ఎప్పుడో గానీ ఉండదట. మరి ఆ తర్వాత? ‘‘ఇంకా మిగిలినట్టుంటుంది మేడం. వస్తుందేమోనని ఫోన్ చూస్తూ కూర్చుంటాను. మధ్యమధ్యలో ముక్కుతాను.’’ వస్తుందా? కాసేపు ఆలోచించి, ‘‘ఏమీ రాదు,’’ అన్నాడు.

అంటే అతనికి విరేచనానికి పట్టేది మూడు నిమిషాలు. మిగతా నలభై నిమిషాలూ రానిదాని కోసం ముక్కుతున్నాడు.

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, జెల్లీ రాసి ప్రాక్టోస్కోప్ పెట్టాను. బొటనవేలంత గొట్టం, చివర లైటు. మామూలుగా ఊపిరి తీసుకుంటున్నప్పుడు మూడు ఉబ్బులు కనిపించాయి, ముదురు ఎరుపులో. ‘ఒకసారి ముక్కండి’ అన్నాను. మూడూ ఒక్కసారిగా ఊదారంగుకి తిరిగి, గొట్టం నోట్లోకి ఉబికి వచ్చాయి. ఒకదాని మీద పొర ఒరుసుకుపోయి రక్తం చెమ్మ తేలింది. ‘చాలు, ఊపిరి వదలండి’ అనగానే మెల్లగా వెనక్కి తగ్గాయి. ముక్కితే ఏమవుతుందో చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పేషెంటుకి మాత్రం అది కనపడదు, అదే చిక్కు.

బట్టలు సర్దుకుని వచ్చాక కాగితం మీద బొమ్మ గీశాను. ఆ మూడు మెత్తలూ రోగం కాదు, అందరికీ పుట్టుకతోనే ఉంటాయి. కొళాయిలో వాషర్ ఎలాగో మలద్వారంలో అవి అలాగ. కండరం ఎంత బిగిసినా చివర్లో మిగిలే సందుని రక్తంతో ఉబ్బిన ఈ మెత్తలే మూస్తాయి. దగ్గినా తుమ్మినా గ్యాస్ జారిపోకుండా ఆపేది కూడా కొంతవరకు ఇవే. వీటిలోకి సన్నటి ధమనుల రక్తం నేరుగా వస్తుంది. అందుకే మొలల రక్తం నల్లగా కాకుండా మెరిసే ఎరుపులో ఉంటుంది. ఇవి ఉండే చోట నొప్పి తెలిపే నరాలు లేవు కాబట్టి రక్తం పడినా నొప్పి ఉండదు. మెత్తల్ని వాటి చోట పట్టి ఉంచే సన్నటి కండరపు పోగులు కొన్ని ఉంటాయి. అవి సాగిపోయి, మెత్తలు ఉబ్బి కిందికి జారినప్పుడే మనం మొలలంటాం.

అవి ఎందుకు సాగుతాయంటే, ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మెత్తల్లోంచి రక్తం పైకి పోయే సిరల్లో, కాళ్ళ సిరల్లో ఉన్నట్టు వెనక్కి రాకుండా ఆపే కవాటాలు లేవు. పై నుంచి ఒత్తిడి పడితే తిరుగు రక్తం ఆగిపోతుంది, వచ్చే రక్తం మాత్రం వస్తూనే ఉంటుంది. అర నిమిషం ముక్కి వదిలేస్తే అంతా మామూలైపోతుంది. రోజూ అంతసేపు, ఏళ్ళ తరబడి అయితే పోగులు సాగి, ఇక వెనక్కి రావు.

అప్పుడతను ఒక ప్రశ్న వేశాడు, మంచి ప్రశ్న. ‘‘మేడం, నేను రోజంతా కుర్చీలోనే కూర్చుంటాను కదా. దానికి లేని ఇబ్బంది ఈ ముప్పావుగంటకేంటి?’’

కుర్చీలో కూర్చుంటే అడుగుభాగానికి కింద ఆధారం ఉంటుంది, మలద్వారం కండరం బిగిసి ఉంటుంది. కమోడ్ సీటు తొడల్ని, పిరుదుల్ని మోస్తుందే తప్ప నడుమ ఖాళీ. కటి కండరాలు వదులై కిందికి వాలతాయి, మలద్వారం కూడా సడలే ఉంటుంది. బయటికి పంపడానికి ఒళ్ళు కుదుర్చుకునే భంగిమ అది. ఆ భంగిమలో ఏ పనీ లేకుండా అరగంట ఉంటే, ముక్కకపోయినా సరే, మెత్తల్లో రక్తం నిలుస్తూ ఉంటుంది.

ఇక అతను నమ్మలేనిది ఒకటి చెప్పాను. ‘ఇంకా మిగిలినట్టు’ అనిపించేది చాలాసార్లు మలం కాదు, ఉబ్బిన మెత్త. అక్కడి నరాలకి లోపల నిండుగా ఏదో ఉందని మాత్రమే తెలుస్తుంది. అది ఏమిటో ప్రతిసారీ తేల్చుకోలేవు. ఇతను అరగంట కూర్చోబట్టి మెత్త ఉబ్బింది. ఉబ్బింది కాబట్టి మిగిలినట్టనిపించింది. అనిపించింది కాబట్టి ముక్కాడు, ముక్కాడు కాబట్టి ఇంకా ఉబ్బింది. ఫోన్ చేతిలో లేకపోతే విసుగొచ్చి ఎప్పుడో లేచిపోయేవాడు. ఫోన్ ఆ విసుగు రానివ్వదు. ఒక వీడియో అయ్యేలోపు ఇంకోటి వస్తుంది.

మా మామగారి తరంలో పేపరు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళు, కాదనను. కానీ పేపరుకి చివరి పేజీ ఉండేది. పైగా అప్పటి దొడ్డి గొంతుక్కూర్చునేది. మోకాళ్ళే లేపేసేవి.

2025లో బోస్టన్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీకి వచ్చిన 125 మందిని టాయిలెట్ అలవాట్ల గురించి అడిగి, స్కోప్‌లో మొలలున్నాయో లేదో చూశారు. మూడింట రెండొంతుల మంది ఫోన్ తీసుకెళ్తామన్నారు. వాళ్ళలో ఒక్కో విడత ఐదు నిమిషాలకి మించి కూర్చునేవాళ్ళు 37 శాతం. ఫోన్ తీసుకెళ్ళనివాళ్ళలో అది 7 శాతమే. వయసూ బరువూ పీచు తిండీ వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఫోన్ వాళ్ళలో మొలల అవకాశం 46 శాతం ఎక్కువ వచ్చింది. నాకు ఆసక్తిగా అనిపించిందేంటంటే, ఆ లెక్కలో ముక్కడానికీ మొలలకీ సంబంధం కనపడలేదు. ఇంతకుముందు వచ్చిన కొన్ని అధ్యయనాలు దీనికి భిన్నంగా చెప్పాయి. ఒక్కసారి అడిగి రాసుకున్న 125 మందితో ఇది కారణం, అది కాదు అని తేల్చలేం. ఎంత ముక్కుతామో ఎవరికి వాళ్ళు సరిగ్గా చెప్పలేరు కూడా. ఇతను పది నిమిషాలన్నట్టే. నేను మాత్రం రెండిటినీ వదలను.

అతనికి రాసిచ్చింది పెద్దగా ఏమీ లేదు. ఫోన్ బాత్‌రూం బయట ఉండాలి, జేబులో కూడా వద్దు. టిఫినో కాఫీనో అయ్యాక పేగు తనంతట తాను కదులుతుంది కాబట్టి, వచ్చినట్టనిపించినప్పుడే వెళ్ళాలి, టైమైంది కదా అని కాదు. కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు తుంటికన్నా పైకి వస్తాయి. కాస్త ముందుకి వంగితే దారిలోని మెలిక తిన్నగా అవుతుంది. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఉండాలి. ఐదు నిమిషాల్లో రాకపోతే, వచ్చాక మిగిలినట్టనిపించినా, కడుక్కుని లేచిపోవాలి. కాసేపు అటూ ఇటూ తిరిగితే ఆ ఫీలింగ్ తగ్గుతుంది. నిజంగానే మలమైతే మళ్ళీ పిలుస్తుంది, అప్పుడు వెళ్ళొచ్చు.

రాత్రి ఇసబ్‌గోల్ రెండు చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, ఆపైన ఇంకో గ్లాసు నీళ్ళు. నీళ్ళు తక్కువైతే అదే గట్టిపడి అడ్డం పడుతుంది. ‘‘రెండ్రోజులు వాడా, పనిచెయ్యలేదు’’ అనేవాళ్ళు ఎక్కువ. పీచు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. ఆరు వారాల తర్వాత రమ్మన్నాను. అప్పటికీ రక్తం ఆగకపోతే మెత్త మొదట్లో రబ్బరు బ్యాండు వేస్తాం. ఓపీలోనే అయిపోతుంది. కానీ బ్యాండు వేశాక కూడా ముప్పావుగంట కూర్చుంటే మిగతా మెత్తలు జారతాయని ముందే చెప్పాను. ‘‘ఫోన్ నా దగ్గర పెట్టించుకుంటాను మేడం’’ అంది భార్య. అతను తలూపాడు గానీ, మొహం చూస్తే అసలు కష్టం ఇసబ్‌గోల్ కాదనిపించింది.

అందరికీ ఇదే కారణమని కాదు. ఆ తర్వాత వచ్చిన ఏడో నెల గర్భిణికి ఫోన్‌తో పనే లేదు. బిడ్డ బరువూ, గర్భంతో ఒంట్లో వచ్చే మార్పులూ, ఐరన్ మాత్రలతో వచ్చే మలబద్ధకమూ చాలు.

చివరగా వచ్చినాయనకి యాభై రెండు. ఏడాదిగా రక్తం పడుతుంటే పైల్సేనని మందుల షాపులో క్రీము కొనుక్కుంటున్నాడు. లోపలికి రాగానే, ‘‘నేను కూడా టాయిలెట్‌లో ఫోన్ చూస్తానండి, అందుకే అనుకుంటా,’’ అన్నాడు. బయట కూర్చుని మా మాటలు విన్నట్టున్నాడు. అడిగితే, మూడు నెలలుగా బరువు తగ్గాడు, రోజుకి నాలుగైదుసార్లు వెళ్ళాల్సి వస్తోంది, రక్తం మలంలో కలిసి వస్తోంది. పరీక్ష చేస్తే చిన్న మొలలు కనిపించాయి. కానీ మలంలో కలిసొచ్చే రక్తాన్ని, మారిన అలవాటుని ఆ మొలల ఖాతాలో వేయలేను. హిమోగ్లోబిన్‌కి పంపాను, బుధవారం పొద్దున కొలనోస్కోపీకి రాశాను. తాగాల్సిన మందు ఎలా కలుపుకోవాలో నర్సు ఆయన కొడుక్కి కాగితం మీద రాసిచ్చింది.